ఒక్క ట్రాన్స్‌ఫర్ ఫెయిలయ్యాక ముందుకెళ్ళాలా, ఆపేయాలా

ప్రశ్న: నాకు 38, మావారికి 40. ఐవీఎఫ్‌లో మొదటి ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ ఫెయిలయ్యింది, ప్రెగ్నెన్సీ రక్త పరీక్ష బీటా నెగెటివ్. ఇంకొక్కటే ఫ్రోజెన్‌లో ఉంది. మావారు వెంటనే పెట్టించేద్దాం అంటారు, నాకేమో కొన్నాళ్ళు ఆగాలనుంది, ఒక్కోసారి అసలు ఇక వద్దనిపిస్తోంది. కంటిన్యూ చేయాలా వద్దా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నేను డాక్టర్‌ని కాదు, ఎంబ్రియాలజిస్ట్‌ని. పదిహేడేళ్ళుగా ల్యాబ్‌లోనే ఉన్నాను. ఇంజెక్షన్లు రాసేది, ఎగ్స్ తీసేది డాక్టర్లు, ఆ తర్వాత ఐదారు రోజులు వాటిని కనిపెట్టుకుని ఉండేది మేము. కాబట్టి మీ రిపోర్టులు చూసి మందులు చెప్పడం నా పని కాదు, అది మీ డాక్టరే చెప్పాలి. నేను చూసిందేదో అది చెప్తాను.

సూటిగా చెప్పాలంటే, ఒక్క ఫెయిల్యూర్ చూసి ఆపేయక్కర్లేదు, మిగిలిన ఎంబ్రియోని పెట్టించుకోవడం మంచిదే. కానీ పెట్టించుకునే ముందే మీరిద్దరూ ఒక మాట తేల్చుకోవాలి: ఇది కూడా ఫెయిలైతే మళ్ళీ ఎగ్స్ తీయించుకుంటారా, లేక అక్కడితో ఆపేస్తారా? ఆ ప్రశ్నకి జవాబు ఉంటే మిగతావన్నీ సర్దుకుంటాయి. జవాబు లేకుండా మాత్రం ఏడాది, రెండేళ్ళు గడిపేయకండి. వెంటనే పెట్టించడమా, రెండు మూడు నెలలు ఆగడమా అన్నది అసలు గొడవే కాదు, ఒక నార్మల్ పీరియడ్ వచ్చి మీ మనసు కుదుటపడేదాకా ఆగండి, ఏమీ మించిపోదు.

ఎందుకలా అంటున్నానంటే ఇక్కడ రెండు గడియారాలున్నాయి. ఫ్రోజెన్ ఎంబ్రియో లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది, అక్కడ దానికి వయసంటూ ఉండదు, మీకు 37లో తీసిన ఎగ్ అయితే మీకు 41 వచ్చినా అది 37 నాటి ఎంబ్రియోనే. మీ గర్భసంచి కూడా ఈ రెండు మూడేళ్ళలో పెద్దగా మారిపోదు, చిన్న వయసు డోనర్ ఎగ్‌తో నలభై దాటినవాళ్ళు కూడా బాగానే కన్సీవ్ అవుతున్నారంటే కారణం అదే. మారేది మీ ఓవరీల్లో ఇంకా మిగిలున్న ఎగ్స్. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది దాటాక ఆ గడియారం స్పీడ్ పెరుగుతుంది. అందుకే ఫ్రోజెన్‌లో ఉన్నది ఆగుతుంది, ఫ్రోజెన్‌లో లేనిది ఆగదు.

ఇది ముందుగా తెలియక ఒక జంట చాలా ఇబ్బంది పడ్డారు. వాళ్ళ కథ చెప్తాను, కొన్ని వివరాలు మార్చాను, అసలు విషయం మాత్రం మార్చలేదు.

ఆవిడకి అప్పుడు 37 దాటి పది నెలలు, ఆయన ఒక ఏడాది పెద్ద. ఎగ్స్ తీసిన రోజు 11 వచ్చాయి. అందులో 9 మెచ్యూర్, ఫెర్టిలైజ్ అయినవి 6, ఐదో రోజుకి గర్భసంచిలో పెట్టడానికి తగ్గ దశ, బ్లాస్టోసిస్ట్ అంటాం, దాకా వచ్చింది ఒకటి, ఆరో రోజు పొద్దున్న ఇంకోటి. మొత్తం రెండే. ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆయన "పదకొండు అన్నారు కదా మేడమ్" అన్నారు, ఆ మాట నేను వారానికి రెండుసార్లయినా వింటాను. పదకొండులో రెండు రావడం ఆ వయసుకి చెడ్డేమీ కాదు, మాకు ఒక్కటీ రాని రోజులు కూడా ఉన్నాయి.

మొదటిదాని గ్రేడ్ 4ఏబీ, రెండోది 4బీబీ. ఇక్కడ అంకె ఎంబ్రియో ఎంత విచ్చుకుందో చెప్తుంది, మొదటి అక్షరం బిడ్డగా మారే కణాల గుంపుది, రెండోది మావిగా మారే పైపొరది. ఆ నెల ఆవిడకి ఓవరీలు బాగా ఉబ్బాయి, అందుకని రెండూ ఫ్రీజ్ చేసి, రెండు నెలల తర్వాత 4ఏబీని పెట్టాం. గర్భసంచి లోపలి పొర 9 మిల్లీమీటర్లు ఉంది, 7 దాటితే చాలు అనుకుంటాం. ఆ పొరని గర్భానికి సిద్ధం చేసే హార్మోన్ ప్రొజెస్టరాన్ ఐదు రోజులు వాడి ఆరో రోజు ట్రాన్స్‌ఫర్. ఎంబ్రియోని పెట్టిన సన్నటి గొట్టం, క్యాథెటర్, బయటికి తీయగానే డాక్టర్ నా చేతికిస్తారు, నేను దాన్ని మైక్రోస్కోప్ కింద కడిగి చూస్తాను, ఎంబ్రియో లోపలే అతుక్కుని వెనక్కి వచ్చేసిందేమో, రక్తం గానీ జిగురు గానీ ఉందేమో అని. ఏమీ లేదు, "క్లియర్" అన్నాను. స్కాన్ తెర మీద ఆ చిన్న తెల్లటి చుక్క, అది గాలి బుడగ, ఎంబ్రియో కంటికి కనపడదు, దాన్ని చూసి ఆవిడ ఏడ్చారు. అంతా పుస్తకంలో రాసినట్టే జరిగింది.

పదకొండో రోజు బీటా 1.2. ఐదు లోపుంటే నెగెటివ్.

రివ్యూకి వచ్చినప్పుడు ఆయన ఒక కాగితం తెచ్చారు. దాన్నిండా కారణాలు రాసుంచారు, మూడో రోజు మెట్లెక్కింది, ఒక డోసు ప్రొజెస్టరాన్ మూడు గంటలు లేటయ్యింది, గట్టిగా తుమ్మింది, ఆఫీసులో గొడవ పడింది. ఆవిడ తల వంచుకుని కూర్చున్నారు. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది, రాసినా రాయకపోయినా. దాన్ని పారేయండి. గర్భసంచి ఖాళీ సంచి కాదు, దాని రెండు గోడలూ తడి కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మధ్యలో పెట్టిన ఎంబ్రియో తుమ్మితే జారిపోదు, మెట్లెక్కితే ఊడిపోదు. ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం దిగకుండా పడుకోబెట్టడం వల్ల ఫలితం మెరుగవ్వదని చాలా ఏళ్ళ క్రితమే తేలింది. ఒక డోసు కొన్ని గంటలు అటూ ఇటూ అయితే ఎంబ్రియో పోదు.

మరి ఎందుకు ఫెయిలయ్యింది? అదే కాగితం వెనక నేను లెక్క వేసి చూపించాను. 38 దగ్గర తీసిన ఎంబ్రియోల్లో ఉజ్జాయింపుగా సగానికి క్రోమోజోముల లెక్క తప్పుతుంది. ఎగ్ తన క్రోమోజోములని పంచుకునేటప్పుడు జరిగే తప్పు ఇది, వయసుతో పాటు పెరుగుతుంది, దానికి మందు లేదు. అలాంటి ఎంబ్రియో మైక్రోస్కోప్ కింద ఎంత అందంగా ఉన్నా చాలావరకు అతుక్కోదు, అతుక్కున్నా నిలవదు. 4ఏబీ అనేది నేను కంటితో ఇచ్చిన మార్కు, లోపల క్రోమోజోములు నాకు కనపడవు. సరే, టెస్ట్ చేసి అన్నీ నార్మల్ అని తేలినవి పెట్టినా కూడా పదింటిలో ఆరు దాకా మాత్రమే బిడ్డ దాకా వస్తాయి. సగంలో పదింట ఆరు వంతులు అంటే, టెస్ట్ చేయని ఒక్క ఎంబ్రియోకి ఆ వయసులో సుమారు ముప్పై శాతం. అంటే ట్రాన్స్‌ఫర్ రోజునే ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ, పాసయ్యేది తక్కువ. ఇది ముందే ఎవరైనా వాళ్ళకి చెప్పుండాల్సింది. మేం చెప్పామనే అనుకుంటాం, ఆ రోజు వాళ్ళ చెవికెక్కదు, లేదా మేమే మెత్తగా చెప్పేస్తాం.

అదే లెక్కలో ఇంకో మాట కూడా ఉంది. ఒక్కోదానికి ముప్పై శాతం అయితే రెండింటిలో కనీసం ఒకటి నిలిచే అవకాశం యాభై దగ్గర. ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి, మొదటిది ఫెయిలయ్యింది కాబట్టి రెండోదానికి యాభై అని కాదు, రెండోదానికి కూడా మళ్ళీ ముప్పై చిల్లరే, 4బీబీ కాబట్టి ఒక పిసరు తక్కువ వేసుకోండి. కానీ మొదటిది ఫెయిలవడం రెండోదాని అవకాశాన్ని పెద్దగా తగ్గించదు కూడా. ఒక్క నెగెటివ్ మీ శరీరం గురించి చెప్పేది చాలా తక్కువ, చెప్పేదల్లా ఆ ఒక్క ఎంబ్రియో గురించే.

అప్పుడు ఆయన ఇంకో కాగితం తీశారు (ఆయన కాగితాల మనిషి). తెలిసినవాళ్ళు చెప్పిన టెస్టుల లిస్టు, గర్భసంచి పొరని గీకడం, ఎంబ్రియోని ఏ టైమ్‌కి పెట్టాలో చెప్తుందనే ఈరా టెస్ట్, ఇమ్యూనిటీ డ్రిప్పులు. నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. గీకడం మీద 2019లో పెద్ద ట్రయల్ వచ్చింది, ఉపయోగం లేదని తేలింది. ఈరా మీద 2022లో వచ్చింది, అక్కడా టెస్ట్ చెప్పిన టైమ్‌కి పెట్టినవాళ్ళకీ మామూలు టైమ్‌కి పెట్టినవాళ్ళకీ ఫలితంలో తేడా కనపడలేదు. డ్రిప్పులకి నమ్మదగ్గ రుజువు లేదు. మొదటి ఫెయిల్యూర్‌కే ఇవన్నీ ఎవరైనా మీ ముందు పెడితే "ఇది చేస్తే నాకు ఎంత పెరుగుతుంది, ఏ ఆధారంతో చెప్తున్నారు" అని అడగండి, సమాధానం నసిగితే మీకు అర్థమైపోతుంది.

చూసుకోవాల్సినవి లేవని కాదు. నేనైతే ఐదే అడుగుతాను: ట్రాన్స్‌ఫర్ కష్టమయ్యిందా, క్యాథెటర్ మీద రక్తం వచ్చిందా, ఆ రోజు ప్రొజెస్టరాన్ రక్తంలో సరిపడా ఉందా, గర్భసంచి లోపల పాలిప్ గానీ లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ గానీ ఉందా, ట్యూబులో నీరు చేరిందా. ఆఖరిది ముఖ్యం. నీరు పట్టిన ట్యూబ్ ఉంటే ఆ నీరు వెనక్కి గర్భసంచిలోకి కారుతుంది, సక్సెస్ దాదాపు సగానికి పడిపోతుంది, అలాంటప్పుడు మిగిలిన ఒక్క ఎంబ్రియోని పెట్టే ముందు ఆ ట్యూబ్ సంగతి చూడాల్సిందే. ఈ జంటకి స్కాన్‌లో అలాంటిదేమీ లేదు, ప్రొజెస్టరాన్ బాగుంది. కారణం దొరకలేదు. ఎక్కువమందికి దొరకదు.

"మిగిలినదాన్ని కరిగించి టెస్ట్ చేయించమంటారా" అని కూడా అడిగారు. ఒక్కటే ఉన్నప్పుడు నేను వద్దంటాను. దాన్ని కరిగించి, పైపొర నుంచి నాలుగైదు కణాలు తీసి, మళ్ళీ ఫ్రీజ్ చేసి, రిపోర్ట్ వచ్చాక మళ్ళీ కరిగించాలి, ఒక్క ఎంబ్రియో మీద అన్నిసార్లు చేయి పడటం నాకిష్టం ఉండదు. పైగా టెస్ట్ ఎంబ్రియోని బాగుచేయదు, ఐదారు ఉన్నప్పుడు ఏది ముందు పెట్టాలో చెప్తుంది అంతే. అబార్షన్లు జరిగి ఉన్నవాళ్ళకి లెక్క వేరు, వాళ్ళు డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

రివ్యూ అయ్యాక "ఆలోచించుకుని చెప్తాం" అని వెళ్ళారు. పధ్నాలుగు నెలలు రాలేదు.

ఈ పధ్నాలుగు నెలల్లో ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆవిడ ఆయన అడుగుతారేమో అని చూశారు. ఆయన, ఆవిడే చెప్పాలి కదా, శరీరం ఆవిడది, అని ఊరుకున్నారు. మధ్యలో స్టోరేజ్ రెన్యువల్ మెయిల్ వచ్చింది, ఆయన చప్పుడు చేయకుండా కట్టేశారు, ఆవిడకి చెప్పలేదు. ఆవిడేమో మెయిల్ రాలేదు కాబట్టి ఎంబ్రియోని తీసేసి ఉంటారని కొన్నాళ్ళు, తీయరులే అని కొన్నాళ్ళు. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని దాని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

ఒకరోజు ఆవిడ ఒక్కరే వచ్చారు, నన్ను చూడాలని. "ఉందా మేడమ్?" అన్నారు. ఉందన్నాను. చూడొచ్చా అన్నారు. ల్యాబ్‌లోకి పేషెంట్లని తీసుకెళ్ళకూడదు, కానీ ట్యాంకులుండే గదికి అద్దం తలుపు ఉంది, అక్కడ నిలబెట్టాను. మూత తీస్తే పొగ నేల మీదికి పాలలా కారింది. ఆ పొగలోంచి క్యానిస్టర్ పైకి లాగి చూపించాను, నీలం రంగు చిన్న గొట్టం, దానిలో స్ట్రా, స్ట్రా కొసన ఎక్కడో ఎంబ్రియో, వెంట్రుక మందం కంటే కాస్త పెద్దది. నాలుగు సెకన్లు కూడా పైన ఉంచలేదు, వెంటనే దించేశాను.

బయటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "అది అక్కడున్నంత కాలం మాది ఇంకా అయిపోలేదు మేడమ్. పెట్టిస్తే అయిపోతుంది."

అప్పటిదాకా నేను ఆవిడ సూదులకి భయపడి రావట్లేదనుకున్నాను. పదిహేడేళ్ళ అనుభవం ఉండి కూడా. నిజానికి చాలామంది ఆగిపోయేది ఇక్కడే, "అసలు ఇక వద్దనిపిస్తోంది" అని మీరు రాశారు కదా, అది నిజంగా వద్దనిపించడమా, లేక ఆ ఆఖరి ఒక్కటి ఖర్చయిపోతుందన్న భయమా, మీరే ఒకసారి చూసుకోండి. రెండూ బయటికి ఒకేలా కనపడతాయి.

ఆవిడకి నేను చెప్పింది కొంచెం కఠినంగానే చెప్పాను. ఎంబ్రియో ఎదురుచూడగలదు, దానికేం కాదు, కానీ అది ఫెయిలైతే మళ్ళీ ఎగ్స్ తీయిద్దామని మీ మనసులో ఏ మూలైనా ఉంటే ఆ దారి ప్రతి నెలా సన్నబడుతోంది అని. ఆ వారం స్కాన్ చేస్తే రెండు ఓవరీల్లో కలిపి ఎగ్స్ పెరిగే చిన్న సంచులు, ఫాలికిల్స్, 7 కనపడ్డాయి, మొదటిసారి 13. ఏఎంహెచ్ అనే హార్మోన్ కూడా దిగింది. ఏఎంహెచ్ ఎగ్స్ ఎన్ని ఉన్నాయో చెప్తుంది గానీ ఎలాంటివి ఉన్నాయో చెప్పదు, అది వయసే చెప్తుంది, ఆవిడకి 39 దాటి నాలుగు నెలలు. మొదటిసారిలా పదకొండు రావడం కష్టం, నాలుగైదు రావచ్చు, అందులో ఒక్క బ్లాస్టోసిస్ట్ వస్తే వచ్చినట్టు. పధ్నాలుగు నెలల ముందు ఈ మాట అడిగుంటే జవాబు ఇంకాస్త బాగుండేది.

తర్వాతి వారం ఇద్దరూ వచ్చారు. కౌన్సెలర్ సెలవులో ఉంది, డాక్టర్ నన్నే కూర్చోమన్నారు. నేను ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, "మిగిలినది ఫెయిలైతే మళ్ళీ ఎగ్స్ తీయించుకుంటారా, అవునా కాదా, పక్కవాళ్ళది చూడకుండా రాయండి" అన్నాను. చిన్నపిల్లల పరీక్షలా ఉందని ఆయన నవ్వారు, కానీ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

ఆవిడ "వద్దు" అని రాశారు. ఆయన "తను ఎలా అంటే అలా" అని రాశారు.

నేను ఆయన కాగితం వెనక్కిచ్చేశాను. అది జవాబు కాదండీ, తప్పించుకోవడం, అన్నాను. పెళ్ళాం మాటకి విలువిస్తున్నట్టు కనపడుతుంది గానీ, నిర్ణయం బరువంతా ఆవిడ నెత్తిన పెట్టడమే అది. రేపు ఆవిడ వద్దంటే "నా వల్లే ఆగిపోయింది" అని జీవితాంతం ఆవిడే మోయాలి. ఆయన కాగితం తిప్పి వెనక రాశారు, "వద్దు. ఆ రోజు రికవరీ రూమ్‌లో తనని చూశాను. మళ్ళీ చూడలేను." ఎగ్స్ తీసిన తర్వాత ఆవిడకి పొట్ట ఉబ్బి, ఊపిరాడక, రెండు రోజులు అడ్మిట్ చేయాల్సి వచ్చింది. ఆవిడ అది మర్చిపోయారు కూడా. ఆయన మర్చిపోలేదు, చెప్పనూ లేదు. ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి, "ఇది ముందే చెప్పొచ్చు కదా నువ్వు" అన్నారు. "నువ్వు కావాలనుకుంటున్నావేమో అనుకున్నా" అన్నాడాయన. ఇద్దరూ ఏడాది పైనుంచి, అవతలివాళ్ళకి కావాలేమో అని, తమకి వద్దన్న మాట దాచుకున్నారు.

అలా తేలింది. ఉన్న ఒక్కటీ పెట్టించుకుంటారు, ఏ ఫలితం వచ్చినా అక్కడితో ఆపేస్తారు. ఇది మంచి నిర్ణయమా అంటే, వాళ్ళకి మంచిదే. ఇంకొకరికి కాకపోవచ్చు. అదే ఏడాది ఇంకో జంట, ఆవిడకీ 38, ఒక్క ఫ్రోజెన్ మిగిలింది, వాళ్ళకి ఇద్దరు పిల్లలు కావాలని గట్టిగా ఉంది. వాళ్ళు ఫ్రోజెన్‌ని కదపకుండా ముందు ఇంకోసారి ఎగ్స్ తీయించుకున్నారు. ఎందుకంటే మిగిలినది సక్సెస్ అయితే డెలివరీ, పాలు మాన్పించడం అన్నీ అయ్యి రెండో బిడ్డకి వచ్చేసరికి ఆవిడకి 41 దాటుతుంది, అప్పుడు తీస్తే ఏం వస్తాయి. ఒక్క బిడ్డ చాలు అనుకునేవాళ్ళు మాత్రం ముందు ఉన్నది పెట్టించుకోవడమే సబబు, నిలిస్తే ఇంకోసారి సూదులు తప్పుతాయి, నిలవకపోతే పోయేది రెండు నెలలే. ఇంకా ఒకటి, మళ్ళీ ఎగ్స్ తీయిస్తాం అనుకునేవాళ్ళు "ఎన్నిసార్లు" అన్నది కూడా ముందే రాసుకోండి. "ఇంకొక్కసారి" అనే మాటకి అంతుండదు, ప్రతిసారీ అది ఆఖరిదే అనిపిస్తుంది. రెండోసారి ఎగ్స్ బాగా తగ్గిపోయి ఒక్కటీ ఐదో రోజు దాకా రాకపోతే డోనర్ ఎగ్ మాట ఎత్తాల్సి వస్తుంది, ఆ మాటకి మీ ఇద్దరూ ఏమనుకుంటారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి, ఆ రోజు అడిగితే గాయం మీద అడిగినట్టుంటుంది.

వాళ్ళ ట్రాన్స్‌ఫర్ రోజు కరిగించింది నేనే. ఫ్రీజింగ్‌లో నీరంతా లాగేస్తాం కాబట్టి స్ట్రాలోంచి వచ్చినప్పుడు ఎంబ్రియో ముడుచుకుపోయి ఉంటుంది, ఎండిన ద్రాక్షలా. నైట్రోజన్ నుంచి 37 డిగ్రీల ద్రావణంలోకి ఒక్క సెకనులో ముంచాలి, తటపటాయించకూడదు, తర్వాత ఒక్కో ద్రావణం మారుస్తూ ఓ పావుగంట. మంచి ల్యాబ్‌లో నూటికి తొంభై పైనే బతుకుతాయి, అయినా ఒక్కటే ఉన్నప్పుడు నా చేతులు చల్లబడతాయి, ఇన్నేళ్ళయినా. గంటన్నరకి మెల్లగా విచ్చుకోవడం మొదలెట్టింది, రెండు గంటలకి గుండ్రంగా నిండింది. ఫోటో తీసి ప్రింట్ ఇచ్చాను. మొదటిసారి ఇచ్చిన ప్రింట్ ఆవిడ ఫోన్ కవర్ వెనక ఉందని అప్పుడు చూశాను, అంచులు నలిగిపోయి.

పదకొండో రోజు బీటా 64. పాజిటివ్. నేను ఎగిరి గంతెయ్యలేదు, 64 తక్కువేమీ కాదు గానీ చూడాల్సింది రెండోది, రెండు రోజుల్లో కనీసం సగం పైనే పెరగాలి. 48 గంటలకి 81. ఇంకో రెండు రోజులకి 22. బయోకెమికల్ ప్రెగ్నెన్సీ అంటాం, అతుక్కుంది గానీ నిలవలేదు. నెగెటివ్ కంటే ఇది ఎక్కువ బాధపెడుతుంది, నాలుగు రోజులు తల్లి అనిపించి తీసేసుకుంటుంది కాబట్టి. ఇలాంటప్పుడే "అతుక్కుంది కదా, ఇంకోసారి ట్రై చేస్తే" అనే మాట బయల్దేరుతుంది, బంధువుల నుంచి వస్తుంది, ఒక్కోసారి క్లినిక్ నుంచే వస్తుంది. మా దగ్గర కూడా ఒక జూనియర్ డాక్టర్ అన్నారు. ఆవిడ భర్త జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించారు, వెనక వైపు రాసింది. ఇంకేమీ మాట్లాడలేదు.

మీ క్లినిక్‌లో రివ్యూ అపాయింట్‌మెంట్ అడగండి, ట్రాన్స్‌ఫర్ నోట్స్, పొర మందం, ప్రొజెస్టరాన్ లెవెల్, ఎంబ్రియో గ్రేడ్, ఎగ్స్ తీసిన రోజు మీ వయసు, ఇవి రాసుకురండి. మిగిలినది ఎన్నో రోజు ఫ్రీజ్ చేసిందో కూడా అడగండి. "కొన్నాళ్ళు ఆగుదాం" అంటే ఎన్నాళ్ళో ఒక తేదీ వేసుకోండి. ఆ రెండు కాగితాల పని మాత్రం అపాయింట్‌మెంట్‌కి ముందే ఇంట్లో చేసుకోండి, మీవారు "నువ్వెలా అంటే అలా" అని రాస్తే తిప్పి ఇచ్చేయండి.

ఫైల్ క్లోజ్ చేయడానికి ఆ జంట నెల తర్వాత వచ్చారు. సంతకాలయ్యాక ఆయన ల్యాబ్ తలుపు దగ్గరికొచ్చి, రెండో ఎంబ్రియో ఫోటో ఇంకో ప్రింట్ దొరుకుతుందా అని అడిగారు, తన దగ్గర లేదని.